గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం, తొలి పాస్‌పోర్టు: ఏ కాగితం తర్వాత ఏ కాగితం

"అమ్మానాన్నలిద్దరూ ఇండియన్లే కదా, బిడ్డ కూడా ఇండియనే. పాస్‌పోర్టుకి అప్లై చేస్తే సరిపోతుంది." దుబాయ్‌లోనో, కువైట్‌లోనో మొదటి కాన్పు అయిన ఇళ్లల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. ఇందులో సగమే నిజం. విదేశంలో పుట్టిన బిడ్డకు మన పౌరసత్వం పుట్టుకతో దానంతటదే రాదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, పుట్టిన సంగతి భారత కాన్సులేట్‌లో ఏడాదిలోగా నమోదు కావాలి. ఆ నమోదు ఆధారంగానే పాస్‌పోర్టు వస్తుంది.

ఈ షరతు మొదటినుంచీ లేదు. 2003లో చేసిన సవరణ 2004 డిసెంబర్ 3న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత బయటి దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ నమోదు తప్పనిసరి. అంతకుముందు పుట్టిన పిల్లల తల్లిదండ్రులు "మా వాడికి ఇవేమీ అడగలేదే" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, వాళ్లకు వర్తించిన నిబంధన వేరు. పెద్దవాళ్ల సలహా వినండి గానీ, కాగితాల జాబితా మాత్రం వాళ్ల దగ్గర తీసుకోకండి.

ఇక్కడ దుబాయ్‌లో పుట్టిన బిడ్డనే ఉదాహరణగా తీసుకుంటాను. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు కావడం ఒక కారణం. అక్కడ పుట్టినంత మాత్రాన స్థానిక పౌరసత్వం రాదు కాబట్టి, బిడ్డకు భారత పౌరసత్వం తప్ప వేరే దారి లేకపోవడం రెండో కారణం. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ వరుస దాదాపు ఇదే. స్థానిక కార్యాలయాల పేర్లు, గడువులు మాత్రం మారతాయి.

## ముందుగా రెండు గడువులు

బిడ్డ పుట్టిన రోజు నుంచి రెండు గడువులు ఒకేసారి మొదలవుతాయి. కాన్సులేట్‌లో నమోదుకు ఏడాది ఉంటుంది. యూఏఈ నివాస వీసాకు మాత్రం 120 రోజులే. అది దాటితే రోజుకింత అని జరిమానా పడుతుంది. వీసా కావాలంటే పాస్‌పోర్టు ఉండాలి, పాస్‌పోర్టు కావాలంటే నమోదు కావాలి, నమోదుకు స్థానిక జనన ధ్రువపత్రం కావాలి. అంటే కాగితం మీద ఏడాది గడువున్నా, నిజానికి అన్నీ ఆ 120 రోజుల్లోనే ముగియాలి.

లెక్క వేసి చూద్దాం. బిడ్డ 2025 జనవరి 14న పుట్టింది అనుకుందాం. 120వ రోజు మే 14. వీసా పనికి చివర్లో మూడు నాలుగు వారాలు చేతిలో ఉంచుకుంటే పాస్‌పోర్టు ఏప్రిల్ మధ్యకల్లా రావాలి. అందుకు నమోదు, పాస్‌పోర్టు దరఖాస్తులు ఫిబ్రవరి చివరికో, ఆలస్యమైతే మార్చి మొదటి వారానికో లోపలికి వెళ్లాలి. అంటే జనన ధ్రువపత్రం ఫిబ్రవరి మధ్యకల్లా చేతికి రావాలి. ఇలా వెనక్కి లెక్కపెట్టుకుంటే, బిడ్డ పుట్టిన మొదటి నెలలో ఏం చేయాలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ నెలలో ఇంట్లో నిద్ర ఎవరికీ ఉండదు. అందుకే అసలు పని కాన్పుకి ముందే మొదలుపెట్టాలి.

## మొదటి అడుగు: కాన్పుకు ముందే తల్లిదండ్రుల కాగితాలు

ఎక్కువ దరఖాస్తులు ఆగేది బిడ్డ కాగితాల వల్ల కాదు, తల్లి పాస్‌పోర్టు వల్ల. పెళ్లికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే వాడుతూ ఉంటారు. ఉద్యోగానికీ ప్రయాణానికీ ఆ ఖాళీ ఎక్కడా అడ్డు రాదు. బిడ్డ దరఖాస్తు దగ్గర మాత్రం "ఈ ఇద్దరూ భార్యాభర్తలని ఏ కాగితం చెబుతోంది?" అన్న ప్రశ్న వస్తుంది. భార్య పాస్‌పోర్టులో భర్త పేరు, భర్త పాస్‌పోర్టులో భార్య పేరు ఉంటే ఆ ప్రశ్నకు అక్కడే జవాబు దొరికినట్టు.

పేరు చేర్చాలంటే పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకోవాలి. కొత్త పుస్తకం, కొత్త నంబరు వస్తాయి. ఆ తర్వాత వీసా వివరాల్లోనూ మార్పు చేయించుకోవాలి. ఇదంతా ఎనిమిదో నెలలో మొదలుపెడితే టెన్షన్ తప్పదు. నాలుగో ఐదో నెలలో చేస్తే హాయిగా అయిపోతుంది. అంత సమయం లేదంటే వివాహ ధ్రువపత్రం మీద ఆధారపడాలి.

వివాహ ధ్రువపత్రం అంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చేది. అన్నవరంలోనో, తిరుమలలోనో పెళ్లి జరిగినప్పుడు దేవస్థానం ఇచ్చిన రసీదు, పెళ్లి ఫోటో ఆల్బమ్, శుభలేఖ, ఇవి రిజిస్ట్రార్ దగ్గర ఆధారాలుగా పనికొస్తాయి గానీ విదేశంలో వాటికవే సరిపోవు. యూఏఈలో వాడుకోవాలంటే ఆ పత్రానికి రాష్ట్ర స్థాయిలో, తర్వాత మన విదేశాంగ శాఖలో, ఆపై యూఏఈ రాయబార కార్యాలయంలో, చివరగా యూఏఈ విదేశాంగ శాఖలో ధ్రువీకరణ ముద్రలు పడాలి. భార్యను ఫ్యామిలీ వీసా మీద తీసుకెళ్లినవాళ్ల దగ్గర ఇది సాధారణంగా ఇప్పటికే ఉంటుంది. దాన్ని వెతికి, ముద్రలన్నీ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆసుపత్రి కాగితాల నుంచి కాన్సులేట్ దాకా అదే అక్కరకొస్తుంది.

ఇద్దరి పాస్‌పోర్టుల గడువు కూడా ఒకసారి చూడండి. కాన్పు నెలలోనే ఒకరి పాస్‌పోర్టు ముగిసిపోతుంటే ముందే పునరుద్ధరించుకోవడం మంచిది.

## రెండో అడుగు: పేరు

మన తెలుగువాళ్లకు నిజమైన చిక్కు ఇక్కడే. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాయడం మన అలవాటు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టు దరఖాస్తు మాత్రం `Surname`, `Given Name` అని రెండు గళ్లు అడుగుతుంది. పాత పాస్‌పోర్టుల్లో కొందరికి మొత్తం పేరు ఒకే గడిలో ఉండి, రెండోది ఖాళీగా ఉంటుంది. తండ్రికి అలా ఉన్నా ఇన్నాళ్లూ నడిచిపోయి ఉండొచ్చు. బిడ్డకు మాత్రం రెండు గళ్లూ నింపండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లకు యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసాల మీద ప్రవేశం నిలిపేసింది. నివాస వీసా ఉన్నవాళ్ల సంగతి వేరే అయినా, బిడ్డ జీవితమంతా మోయాల్సిన పేరులో ఒక గడిని తెలిసి తెలిసి ఖాళీగా వదలడం ఎందుకు?

ఇంటిపేరు మద్దాల, పాపకు పెట్టదలచిన పేరు హంసిని అనుకుందాం. తండ్రి పాస్‌పోర్టులో `MADDALA` అని ఉంటే పాపకూ సరిగ్గా అవే అక్షరాలు రావాలి, `MADALA` కాదు, `M` అన్న పొడి అక్షరమూ కాదు. తండ్రి పాస్‌పోర్టులోనే ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందంటే, ఆ తప్పును బిడ్డకు వారసత్వంగా ఇవ్వాలా, లేక ముందు తండ్రిదే సరిచేయించుకోవాలా అన్నది కాన్పుకు ముందే తేల్చుకోండి. నా మటుకు నేను రెండోదే మేలంటాను. శ్రమ ఒకసారితో పోతుంది.

బారసాల ఇరవై ఒకటో రోజున చేస్తారు. ఆసుపత్రివాళ్లు, జనన ధ్రువపత్రం ఇచ్చేవాళ్లు అంతదాకా ఆగమంటే ఆగకపోవచ్చు. వేడుక ఎప్పుడు చేసుకున్నా, కాగితం మీదికెక్కే పేరు మాత్రం ముందే ఖాయం చేసుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దగా ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఇందులో న్యూమరాలజీ కూడా ఉంటే, ఆ లెక్కా ఇప్పుడే ముగించుకోండి. జనన ధ్రువపత్రం వచ్చాక "ఇంకో `A` కలిపితే కలిసొస్తుందట" అని అత్తగారు ఫోన్ చేస్తే చేయగలిగిందేమీ ఉండదు. కలపాలంటే మొదటి కాగితం నుంచీ మార్చుకుంటూ రావాలి.

## మూడో అడుగు: స్థానిక జనన ధ్రువపత్రం

ప్రసవం అయ్యాక ఆసుపత్రి ఒక జనన సమాచార పత్రం ఇస్తుంది. అది జనన ధ్రువపత్రం కాదు. దాని ఆధారంగా అక్కడి ఆరోగ్య శాఖ అసలు ధ్రువపత్రం జారీ చేస్తుంది. తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, ఎమిరేట్స్ ఐడీలు, వివాహ ధ్రువపత్రం అడుగుతారు. అరబిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ తీసుకోవచ్చు. వీసా పనులకు అరబిక్ ప్రతి, మన కాన్సులేట్‌కు ఇంగ్లిష్ ప్రతి అవసరమవుతాయి కాబట్టి రెండూ తీసుకోండి. యూఏఈ విదేశాంగ శాఖ ధ్రువీకరణ కూడా అప్పుడే చేయించేస్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.

ధ్రువపత్రం చేతికిచ్చిన కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. తండ్రి పాస్‌పోర్టు, తల్లి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చండి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు చూడండి. గల్ఫ్ పద్ధతిలో బిడ్డ పేరు వెనుక తండ్రి పేరు మొత్తం వరుసగా చేరడం మామూలే. అలా వస్తే పాస్‌పోర్టు దరఖాస్తులో ఆ మొత్తాన్ని ఎలా విడగొడతారన్నది ముఖ్యం. ధ్రువపత్రంలో ఉన్నదాన్ని వదిలేసి మీ ఇష్టప్రకారం చిన్నగా రాస్తే, "రెండు పేర్లూ ఒకటి కావు" అని దరఖాస్తు వెనక్కి వస్తుంది. మొత్తం పేరు మీకు కావాల్సిన రూపంలో లేకపోతే, అక్కడే దిద్దించుకుని ముందుకు వెళ్లాలి. ఈ అడుగులో దిద్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పాస్‌పోర్టు వచ్చాక దిద్దాలంటే వీసా, ఐడీ, బీమా అన్నీ వెంట మార్చుకోవాలి.

## నాలుగో అడుగు: 4వ సెక్షన్ కింద నమోదు

ఈ పనికి ఉన్న దరఖాస్తు పేరు ఫారం 1. పౌరసత్వ నిబంధనలు 2009లో ఉంది. హోం శాఖ పోర్టల్ `indiancitizenshiponline.nic.in` లో దీన్ని నింపి, ప్రింట్ తీసి, తల్లిదండ్రుల సంతకాలతో కాన్సులేట్‌కు ఇవ్వాలి. కాన్సులేట్ నేరుగా తీసుకుంటుందా, అది నియమించిన సేవా కేంద్రం తీసుకుంటుందా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. చాలాచోట్ల నమోదునూ పాస్‌పోర్టునూ ఒకే రోజు, ఒకే కౌంటర్‌లో తీసుకుంటారు. కానీ అవి రెండు దరఖాస్తులు, రెండు ఫీజులు, రెండు ఫలితాలు.

ఫారంలో ఒక వాక్యం మీద ఆగాలి. బిడ్డకు వేరే ఏ దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు ప్రకటించాలి. ఆ ప్రకటన లేనిదే నమోదు చేయకూడదని చట్టమే చెబుతోంది. గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు ఇది సమస్యే కాదు. అమెరికాలో పుట్టిన బిడ్డకు మాత్రం ఇదే అసలు మలుపు. అక్కడ పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం వస్తుంది, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక ఈ ప్రకటన చేయలేరు. అందుకే అక్కడివాళ్లు బిడ్డకు ఓసీఐ కార్డు తీసుకుంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైనా మైనర్ బిడ్డకు అది దొరుకుతుంది. అది దీర్ఘకాల వీసా లాంటి హోదా, పౌరసత్వం కాదు.

తల్లిదండ్రుల్లో ఒకరే భారత పౌరులైనా నమోదుకు అడ్డు లేదు. ఆ పౌరసత్వం బిడ్డ పుట్టిన రోజున ఉండాలి. బిడ్డ పుట్టాక తండ్రి వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నా, ఆ రోజున ఉన్నదే లెక్క.

నమోదు అయ్యాక కాన్సులేట్ ఒక జనన నమోదు పత్రం ఇస్తుంది. పౌరసత్వ చట్టం 4వ సెక్షన్ కింద నమోదైందని అందులో ఉంటుంది. బిడ్డ పౌరసత్వానికి మూల ఆధారం ఇదే. పాస్‌పోర్టు అయిదేళ్లకోసారి మారుతుంది, ఈ పత్రం మాత్రం ఒక్కసారే వస్తుంది. పాస్‌పోర్టు చేతికొచ్చిన సంబరంలో దీన్ని అడగడం మరిచిపోయేవాళ్లు ఉన్నారు. పాస్‌పోర్టు ఇచ్చి ఇది ఇవ్వకపోతే అడిగి మరీ తీసుకోండి.

## ఏడాది దాటితే

గల్ఫ్‌లో వీసా ఒత్తిడి వల్ల ఏడాది దాటడం అరుదు. బ్రిటన్ లాంటి చోట దాటిపోతుంటుంది. అక్కడ స్థిర నివాసం లేని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వం రాదు, కానీ దేశం దాటి వెళ్లనంత కాలం బిడ్డకు వెంటనే వీసా తీసుకోవాల్సిన ఒత్తిడి కూడా ఉండదు. "ఇండియా వెళ్లేటప్పుడు చూసుకుందాంలే" అనుకుంటూ ఉండగానే మొదటి పుట్టినరోజు వచ్చేస్తుంది.

ఆ రోజు దాటాక కాన్సులేట్ తన అధికారంతో నమోదు చేయలేదు. కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, దరఖాస్తు ఢిల్లీలో హోం శాఖకు వెళుతుంది. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా చెప్పాలి, ఆధారాలు జతచేయాలి. తల్లి అనారోగ్యమైతే ఆసుపత్రి పత్రాలు, స్థానిక జనన ధ్రువపత్రమే ఆలస్యంగా వస్తే దాని జారీ తేదీ, ఇలా. "తెలియలేదు" అన్న ఒక్క మాట బలమైన కారణం కాదు. అనుమతి వచ్చేదాకా బిడ్డకు పాస్‌పోర్టు ఉండదు, ప్రయాణం ఉండదు.

ఈ దశలో ఒక పాడు సలహా వినిపిస్తుంది. ఊళ్లో తెలిసినవాళ్లను పట్టుకుని బిడ్డ అక్కడే పుట్టినట్టు మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో సర్టిఫికెట్ తెప్పించుకోమని. దాని జోలికి వెళ్లకండి. పాస్‌పోర్టుకు తప్పుడు సమాచారం ఇస్తే పాస్‌పోర్టుల చట్టం 1967లోని 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. బిడ్డ పుట్టిన ఆసుపత్రి రికార్డు ఎలాగూ ఆ దేశంలో ఉంటుంది.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 20వ సెక్షన్ ఒకటుంది. స్థిరపడటానికి తిరిగొచ్చినవాళ్లు, బిడ్డ దేశంలో అడుగుపెట్టిన 60 రోజుల్లోగా విదేశంలో జరిగిన పుట్టుకను ఇక్కడ నమోదు చేయించుకోవచ్చంటుంది. అది పుట్టుక రికార్డు కోసం ఉన్న ఏర్పాటు. దాన్ని పౌరసత్వ చట్టం కింద చేయాల్సిన నమోదుకు బదులు అనుకోకండి. అలాగే అత్యవసరంగా ఇండియా రావాల్సి వచ్చి, ఒకవైపు ప్రయాణానికి ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద బిడ్డను తీసుకొస్తున్నా, 4వ సెక్షన్ నమోదు దరఖాస్తు అక్కడే ఇచ్చి, రసీదు తీసుకుని బయల్దేరండి.

## అయిదో అడుగు: పాస్‌పోర్టు దరఖాస్తు

విదేశాల్లోని కార్యాలయాలకు పాస్‌పోర్టు సేవా పోర్టల్ వేరుగా ఉంటుంది. మీ కాన్సులేట్ వెబ్‌సైట్‌లోని లింకు నుంచే వెళ్లండి. ఫారం నింపి, అపాయింట్‌మెంట్ తీసుకుని, ప్రింట్‌తో వెళ్లాలి. వెంట ఉండాల్సినవి: బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, వాటి ప్రతులు, వీసా లేదా ఎమిరేట్స్ ఐడీ ప్రతులు, వివాహ ధ్రువపత్రం, ఫోటోలు, అనెక్సర్ డి.

అనెక్సర్ డి అంటే మైనర్‌కు పాస్‌పోర్టు ఇవ్వడానికి తల్లిదండ్రులు ఇచ్చే డిక్లరేషన్. ఇద్దరూ సంతకం చేయాలి. భర్త సౌదీలో, భార్య దుబాయ్‌లో ఉంటే ఈ సంతకం కోసమే పని ఆగుతుంది. కాబట్టి ఆయన సంతకం ఎక్కడ, ఎవరి ముందు చేస్తే చెల్లుతుందో కాన్సులేట్‌ను ముందే అడగండి. ఒకరు అనుమతి ఇవ్వని పరిస్థితి అయితే అనెక్సర్ సి వాడాలి, అందులో కారణం వివరించాలి.

ఫోటో చిన్న విషయంలా కనిపించి, ఎక్కువ విసిగించేది. తెల్లటి నేపథ్యం, కళ్లు తెరిచి ఉండాలి, ముఖం నేరుగా కనిపించాలి, తల పట్టుకున్న అమ్మ చేయి ఫోటోలో పడకూడదు. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయడమే సులువు. పాలు తాగి నిద్ర మత్తులోకి జారకముందే తీయాలి. దిష్టిచుక్క, కాటుక బొట్టు ముందే తుడిచేయండి.

సంతకం గడిలో బిడ్డ వేలిముద్ర వేయాలి. బాబుకు ఎడమ బొటనవేలు, పాపకు కుడి బొటనవేలు. సిరా ఎక్కువైతే ముద్ద అవుతుంది. తెల్లకాగితం మీద రెండుసార్లు అద్ది చూసి, తర్వాత గడిలో వేయండి.

చిరునామా గడిలో ఇండియా చిరునామా రాసేటప్పుడు తల్లిదండ్రుల పాస్‌పోర్టులో ఉన్నదే రాస్తే ప్రశ్నలు తగ్గుతాయి. పుట్టిన చోటు దుబాయ్, దేశం యూఏఈ. అమ్మమ్మగారి ఊరు కాదు.

పాస్‌పోర్టు వచ్చాక మళ్లీ అదే పని: అక్షరం అక్షరం చదవండి. తల్లి పేరు, తండ్రి పేరు చివరి పేజీలో ఉంటాయి, అక్కడా చూడండి. కాలపరిమితి అయిదేళ్లు. మన ఉదాహరణలోని పాపకు 2025 మార్చిలో పాస్‌పోర్టు వస్తే 2030 మార్చిలో ముగుస్తుంది. వీసాకు కనీస గడువు మిగిలి ఉండాలి కాబట్టి 2029 చివర్లోనే మళ్లీ జారీకి దరఖాస్తు చేయాలి.

## ఆ తర్వాత

పాస్‌పోర్టుతో నివాస వీసా, ఎమిరేట్స్ ఐడీ, ఆరోగ్య బీమా పనులు మొదలవుతాయి. దుబాయ్‌లో వీసా పని అక్కడి నివాస వ్యవహారాల కార్యాలయం చూస్తుంది. టైపింగ్ సెంటర్లు ఈ దరఖాస్తులు రోజూ చేస్తుంటాయి కాబట్టి పెద్దగా తికమక ఉండదు. వాళ్లు టైప్ చేసిన పేరు పాస్‌పోర్టుతో కలుస్తోందో లేదో మాత్రం ఓకే చెప్పేముందు చూడండి.

జనన నమోదు పత్రం అసలు ప్రతి, ధ్రువీకరణ ముద్రలున్న స్థానిక జనన ధ్రువపత్రం, బిడ్డ పుట్టిననాటికి చెల్లుబాటులో ఉన్న తల్లిదండ్రుల పాస్‌పోర్టుల ప్రతులు ఒకే ఫైల్‌లో పెట్టండి. ఆ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. పాత పాస్‌పోర్టు రద్దయ్యాక పుస్తకం ఎక్కడో పోతుంది. కానీ బిడ్డ పుట్టిన రోజున మీరు భారత పౌరులని చూపించేది అదే. పునరుద్ధరించుకునే ముందు మొదటి పేజీ, చివరి పేజీ స్కాన్ చేసి, రద్దయిన పుస్తకాన్ని కూడా ఆ ఫైల్‌లోనే ఉంచండి.